అప్‌డేట్: నాన్నకి చలువ కళ్లద్దాలు తీసుకున్నాం

నా ప్రశ్న: "నాన్న రోజంతా రొయ్యల చెరువు గట్టు మీదే ఉంటారు. ముదురు నల్ల అద్దాలు కొంటే శుక్లాలు రాకుండా ఆగుతాయా?"

సలహాలు ఇచ్చిన అందరికీ థాంక్స్. శుక్లాలకి ఒక కారణం ఎండలోని యూవీ, అంటే అతినీలలోహిత కిరణాలు. అందుకే అవి ఎంత దాటుతున్నాయో చూడటానికి పాత అద్దాల్ని కళ్లజోళ్ల షాపులో యూవీ మీటర్ మీద పెట్టించాను. చూడటానికి కారునలుపు, కానీ యూవీ చాలావరకు దాటిపోతోంది. చీకటి వల్ల కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి అలాంటివి పెట్టుకుంటే లోపలికి మరింత యూవీ వెళ్లే ప్రమాదం ఉంది. యూవీని ఆపేది రంగు కాదు, లెన్స్ పదార్థమో పైపూతో. తెల్లటి పాలీకార్బొనేట్ లెన్సు కూడా దాదాపు మొత్తం ఆపేస్తుంది. పోలరైజ్డ్ అన్నది నీటి మెరుపు తగ్గించడానికే, దానికీ యూవీకీ సంబంధం లేదు.

చివరికి యూవీని దాదాపు మొత్తం ఆపుతుందని చెప్పే UV400 గుర్తు ఉన్న, పక్కలు కూడా మూసే వంపు ఫ్రేమ్ తీసుకుని, అదే మీటర్ మీద చూపించుకున్నాం. నీళ్ల మీద నుంచి ఎండ పక్కనుంచీ కింద నుంచీ కొడుతుంది, అందుకే పెద్ద అంచు టోపీ కూడా.

డాక్టరుగారు చెప్పింది: పెద్దవాళ్లలో యూవీని ఎక్కువగా పీల్చుకునేది కంటిలోని లెన్సే. అలా రెటీనాని కాపాడుతూ, ఏళ్ల తరబడి అదే మసకబారుతుంది. నాన్నకి అంచున శుక్లం మొదలైంది. అద్దాలు దాన్ని వెనక్కి తిప్పవు, ఇకపై పడే దెబ్బను తగ్గిస్తాయి. పిల్లల లెన్స్ మరింత పారదర్శకం, వాళ్ల రెటీనాకి ఎక్కువ చేరుతుంది. అందుకే మా అబ్బాయికీ ఒక జత తీసుకున్నాను. గ్రహణం మాత్రం వీటితో చూడకూడదు, రెటీనా కాలిపోతుంది.