అప్‌డేట్: 10 హెర్ట్జ్ లోపు కంపనం తగ్గిస్తే పైన ఎందుకు పెరిగింది?

నా ప్రశ్న: మోటారు స్థాన నియంత్రణలో గెయిన్ పెంచాక 10 హెర్ట్జ్ లోపు కంపనం పదోవంతుకు తగ్గింది. కానీ 35 హెర్ట్జ్ దగ్గర కొత్తగా ఎందుకు పెరిగింది?

అప్‌డేట్: సమాధానం బోడే సమాకలనంలో ఉంది. ఓపెన్ లూప్ స్థిరంగా ఉండి, అధిక పౌనఃపున్యాల్లో తగినంత వేగంగా పడిపోతే,

∫₀^∞ ln|S(jω)| dω = 0

S అంటే సెన్సిటివిటీ: ఆ పౌనఃపున్యంలో అలజడిని లూప్ ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పేది. ln|S| గీతకు సున్నా దిగువన ఎంత వైశాల్యం తీసుకుంటే, ఎగువన అంత చెల్లించాలి. నీళ్ల పరుపును ఒకచోట నొక్కినట్లే.

నా లెక్క: 10 హెర్ట్జ్ వరకు పదోవంతుకు తగ్గిస్తే వైశాల్యం 10 × ln 10 = 23. యాంత్రిక అనునాదం వల్ల 60 హెర్ట్జ్ పైన లూప్ దాదాపు పనిచేయదు, కాబట్టి ఆ 23 మొత్తం 10–60 మధ్యే సర్దుకోవాలి. సగటు 0.46, అంటే |S| సుమారు 1.6. అది సమంగా పరిస్తేనే. నిజంగా శిఖరం ఇంకా ఎత్తుగానే వస్తుంది. ఆ అనునాదమే లేకుంటే, భారాన్ని చాలా పైవరకు పలుచగా పరచవచ్చు.

స్పెక్ట్రమ్ చూస్తే అసలు అలజడి 7–9 హెర్ట్జ్‌లోనే ఉంది. అక్కడ మాత్రమే పదోవంతుకు అణిచాను. వైశాల్యం 4.6కు తగ్గింది, మిగతాచోట్ల సగటు పెరుగుదల సుమారు 1.1 రెట్లే. 35 హెర్ట్జ్ శిఖరం ఇప్పుడు ఇబ్బంది పెట్టడం లేదు.

ఓపెన్ లూప్ అస్థిరమైతే ఆ సమాకలనం విలువ సున్నా కాదు, ధన సంఖ్య అవుతుంది. అప్పుడు బేరం మరింత కఠినం.