కార్నియా 490 మైక్రాన్లు: లాసిక్, స్మైల్, పీఆర్‌కేలలో ఏది చేయించుకోవాలి?

అద్దాలమ్మాయి

నాకు 24 ఏళ్ళు. అద్దాలు తీసేయడానికి కంటికి లేజర్ ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాను. రెండు కళ్ళకీ మైనస్ నాలుగున్నర, సిలిండర్ మైనస్ అర. మూడేళ్ళుగా పవర్ మారలేదు. పెంటాక్యామ్ స్కాన్‌లో కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, అన్నిటికన్నా పలచగా ఉన్న చోట 490 మైక్రాన్లు వచ్చింది. ఒక ఆసుపత్రిలో "పలచటి కార్నియాకి స్మైల్ మంచిది" అన్నారు. ఇంకో చోట పీఆర్‌కే తప్ప ఇంకేదీ చేయం అన్నారు. హైదరాబాద్‌లో రోజంతా ఏసీలో కంప్యూటర్ ముందు పని, కళ్ళు ఇప్పటికే పొడిబారుతుంటాయి. రెండు వారాలకి మించి సెలవు దొరకదు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సోమవారం_ఆఫీసు

స్మైలే చేయించుకో చెల్లీ. లాసిక్‌లో కార్నియా మీద మూతలాగా ఫ్లాప్ కోసి లేపుతారు. స్మైల్‌లో ఆ గొడవే లేదు, చిన్న గాటులోంచి లోపలి పొర ఒకటి బయటికి తీసేస్తారు. ఫ్లాప్ లేదంటే మందం మిగిలినట్టే కదా, అందుకే పలచటి కార్నియాకి అదే చెబుతారు. నేను శుక్రవారం చేయించుకుని సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. మొదటి నాలుగు రోజులు పొగమంచులోంచి చూస్తున్నట్టు ఉంది, తర్వాత తేటపడింది. ఏసీలో పెద్ద ఇబ్బంది కూడా లేదు.

వరంగల్_ఆప్టోమెట్రిస్ట్

పై మాటలో పొడిబారడం గురించి చెప్పింది చాలావరకు నిజం, మందం గురించి చెప్పింది సగమే నిజం. ఈ కంటికే లెక్క వేసి చూద్దాం. మిషన్‌ని బట్టి అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి.

సిలిండర్‌తో కలిపి తీయాల్సింది 5 పవర్. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పులో లేజర్‌తో చెక్కితే ఒక్కో పవర్‌కి దాదాపు 14 మైక్రాన్లు పోతాయి, అంటే 70. లాసిక్‌లో దానికి 110 మైక్రాన్ల ఫ్లాప్ కలపాలి. ఫ్లాప్‌ని మళ్ళీ దాని చోట పరిచినా, అది కింది భాగంతో పూర్వంలా అతుక్కోదు కాబట్టి బలం లెక్కలోకి రాదు. 490లోంచి 180 తీసేస్తే కింద 310 మిగులుతుంది.

స్మైల్‌లో పైన వదిలే కప్పు 120 దాకా ఉంటుంది. లోపలి పొరని చిరగకుండా ఒకే ముక్కగా లాగాలి కాబట్టి అంచులు మరీ పలచగా ఉండకూడదు. అందుకని అడుగున 10, 15 మైక్రాన్లు అదనంగా కలుపుతారు. ఒక్కో పవర్‌కి తీసేది కూడా లాసిక్ కన్నా కొంచెం ఎక్కువే, అన్నీ కలిపి ఈ పవర్‌కి ఆ ముక్క 95 దగ్గర తేలుతుంది. 120కి 95 కలిపితే 215, కింద మిగిలేది 275. చూశారా, ఫ్లాప్ లేకపోయినా లాసిక్ కన్నా తక్కువే మిగిలింది.

పీఆర్‌కేలో పైనున్న 50 మైక్రాన్ల పల్చటి చర్మం తీసేసి నేరుగా చెక్కుతారు. 50, 70 కలిపి 120 పోతే కింద 370. పైగా ఆ చర్మం మళ్ళీ పెరుగుతుంది.

కింద కనీసం 250 ఉండాలన్నది పాత గీత. ఇప్పుడు చాలామంది సర్జన్లు 280, 300 దగ్గరే ఆగుతారు. మొత్తం మందంలో నలభై శాతం కన్నా ఎక్కువ కదిలిస్తే కార్నియా ముందుకి ఉబికే ప్రమాదం పెరుగుతుందన్న లెక్క కూడా చూస్తారు. ఇక్కడ లాసిక్ 37 శాతం, స్మైల్ 44, పీఆర్‌కే పావు వంతులోపు. రెండో ఆసుపత్రి వాళ్ళు పీఆర్‌కే తప్ప వద్దన్నది ఇందుకే అయ్యుంటుంది.

బయోమెకానిక్స్_పిచ్చి

అండీ, ఈ లెక్క స్మైల్‌కి అన్యాయం చేస్తుంది. కార్నియాలో పై భాగం పీచు బిగువుగా అల్లుకుని ఉంటుంది, కిందికి పోయేకొద్దీ వదులు. లాసిక్ ఫ్లాప్ చుట్టూ ఆ గట్టి పీచుని తెంపేస్తుంది. స్మైల్ కప్పులో చిన్న గాటు దగ్గర తప్ప అది తెగదు. కాబట్టి ఆ 120ని సున్నా అనకూడదు. నలభై శాతం గీత లాసిక్ కళ్ళని చూసి గీసింది, దాన్ని స్మైల్‌కి తెచ్చి అంటించడం నాకు నచ్చదు.

వరంగల్_ఆప్టోమెట్రిస్ట్

ఆ వాదన నాకు తెలుసు, కొట్టిపారేయను. కప్పుకి కొంత బలం ఉంటుందన్నది సబబే. కానీ ఎంత ఉంటుందో రోగి కంట్లో కొలిచి చెప్పే పద్ధతి ఇంకా మన చేతిలో లేదు. స్మైల్ తర్వాత కూడా కార్నియా ఉబికిన కేసులు నమోదయ్యాయి. 540 మందం ఉన్నవాళ్ళకి మీ వాదన ఒప్పుకుంటాను. 490కి దాన్ని నమ్ముకుని కప్పు కింద 275 మిగల్చమని మా తమ్ముడికైతే చెప్పను.

వైజాగ్_తీరం

పీఆర్‌కే అనగానే సరే అనేయకండి, ఎలా ఉంటుందో చెబుతాను. నాది మైనస్ ఐదు. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రాత్రి కళ్ళలో ఉల్లిపాయ పిండినట్టు నీళ్ళు, ఫోన్ వెలుగు కూడా భరించలేక కిటికీలకి దుప్పట్లు కట్టుకున్నాం. ఐదో రోజు కట్టులాగా పెట్టిన లెన్స్ తీసేశారు, మంట తగ్గింది, కానీ ముందున్న ఆటో నంబర్ కనపడలేదు. పన్నెండో రోజుకి ఆఫీసులో అక్షరాలు పెద్దవి చేసుకుని పని చేశాను. చిన్న అక్షరం నిక్కచ్చిగా కనపడటానికి ఆరు వారాలు పట్టింది. స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి తగ్గించుకుంటూ వేశారు, మధ్యలో కంటి ప్రెషర్ చూస్తూ ఉన్నారు. ఎండలోకి నల్లద్దాలు లేకుండా వెళ్ళొద్దన్నారు, కార్నియా మీద మసక పొర వస్తుందని. ఇప్పుడు రెండేళ్ళు, చూపు బ్రహ్మాండంగా ఉంది.

నలభై_మూడు

నాకు చదివేటప్పుడు మాత్రమే అద్దాలు కావాలి, ప్లస్ ఒకటింపావు. నాకు స్మైల్ పనికొస్తుందా?

వరంగల్_ఆప్టోమెట్రిస్ట్

సార్, మీది వయసుతో కంటి లోపలి లెన్స్ బిగుసుకోవడం వల్ల వచ్చేది. ఇక్కడ మాట్లాడుతున్నది దూరపు చూపు సంగతి, మీది వేరే చర్చ.

అమ్మాయి అడిగిన పొడిబారడం గురించి: కార్నియాకి నరాలు అంచుల నుంచి లోపలికి వచ్చి పైకి పాకుతాయి. ఫ్లాప్ అంచు వాటిలో ఎక్కువ భాగాన్ని కోసేస్తుంది. కంటికి స్పర్శ తగ్గితే రెప్ప వేయాలనే తట్టదు, నీరూ తక్కువ ఊరుతుంది. స్మైల్ గాటు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే, అందుకే మొదటి మూడు నెలలు తేడా బాగా తెలుస్తుంది. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. పీఆర్‌కేలోనూ పైనున్న నరాల కొసలు పోతాయి, కానీ లోతు నుంచి వచ్చే కొమ్మలు తెగవు. ఇప్పటికే పొడిబారే కంటికి లాసిక్ మాత్రం నేను చివర్లో పెడతాను.

అద్దాలమ్మాయి

అందరికీ థ్యాంక్స్. రెండు విషయాలు చెప్పడం మర్చిపోయాను. పరీక్షకి ముందు కాంటాక్ట్ లెన్స్ మానింది రెండు రోజులే. ఇంకొకటి, నాకు దుమ్ము అలర్జీ, చిన్నప్పటి నుంచి కళ్ళు బాగా నలుపుకుంటాను. రాత్రి అమ్మ చూసి తిట్టేంతగా.

వరంగల్_ఆప్టోమెట్రిస్ట్

రెండోది ముందే చెప్పాల్సిన మాట అమ్మా. పైన వేసిన లెక్కలన్నీ కార్నియా ఆకారం మామూలుగా ఉంటేనే చెల్లుతాయి. పుట్టుకతో పలచగా ఉన్న 490 వేరు, నలుపుకోవడంతో కింది భాగం ఉబకడం మొదలై పలచబడ్డ 490 వేరు. రెండోదైతే ఈ మూడింటిలో ఏదీ వద్దు, పీఆర్‌కే కూడా. రిపోర్టులో పలచటి చోటు నడిమధ్యకి దగ్గరగా ఉందా, కిందికి జారిందా, వెనక వైపు మ్యాప్‌లో బుడిపెలా లేచిందా, రెండు కళ్ళూ ఒకేలా ఉన్నాయా అని డాక్టరుగారినే చూపించమని అడగండి. లెన్స్ ఒత్తిడికి కూడా మ్యాప్ మారిపోతుంది. మెత్తటి లెన్స్ అయితే కనీసం వారం, కుదిరితే రెండు వారాలు పూర్తిగా మాని మళ్ళీ పెంటాక్యామ్ తీయించుకోండి. అలర్జీకి చుక్కలు ఈలోపే మొదలుపెట్టించుకోండి.

బయోమెకానిక్స్_పిచ్చి

దీనికి మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఆకారం తేలేదాకా స్మైల్ మాట ఎత్తను.

అద్దాలమ్మాయి

ఈ రోజు నుంచి అద్దాలే పెట్టుకుంటున్నాను. పదిహేను రోజుల తర్వాత తీసిన రిపోర్టు ఇక్కడే పెడతాను.