సభ్యత్వం రద్దయినా మ్యాండేట్ మిగిలే ఉంది: తదుపరి డెబిట్‌ను ఎలా ఆపాలి?

ఒక సభ్యత్వాన్ని ఈ నెల 8న సంస్థ వెబ్‌సైటులో రద్దు చేసుకోగా ధ్రువీకరణ ఈమెయిలు కూడా వచ్చింది, కానీ నా బ్యాంకు ఖాతాపై ఇచ్చిన మ్యాండేట్ మాత్రం యాప్‌లో ఇంకా `Active` అనే కనిపిస్తోంది. తదుపరి డెబిట్ 14న ఉంది.

9న, 10న యాప్‌లోనే రద్దుకు ప్రయత్నించాను. రెండుసార్లూ అభ్యర్థన స్వీకరించినట్లు చూపి, కొన్ని గంటల తర్వాత పాత స్థితికే వచ్చింది. మ్యాండేట్ ఖాతా సంఖ్యకే ముడిపడి ఉన్నందున కార్డును బ్లాక్ చేసినా ప్రయోజనం లేదు. ఖాతాను ఖాళీ చేస్తే ఆ డెబిట్ విఫలమై రుసుము పడవచ్చు, పైగా మ్యాండేట్ అలాగే ఉంటుంది కనుక ఆ దారి నాకు సరైనదిగా తోచలేదు. మ్యాండేట్ రిఫరెన్సు సంఖ్య నా వద్ద ఉంది.

14వ తేదీ డెబిట్ కచ్చితంగా ఆగాలంటే, ఆ సంఖ్యతో మ్యాండేట్ రద్దును బ్యాంకును లిఖితపూర్వకంగా కోరితే సరిపోతుందా, లేక ఆ ఒక్క డెబిట్‌కు విడిగా స్టాప్ పేమెంట్ కూడా ఇవ్వాలా?