43 ఫోల్డర్ల తేదీల ఫైలు: మీలో ఎవరికైనా నిలబడిందా?

చీరాల_హోల్‌సేల్: చీరల హోల్‌సేల్ కొట్టు మాది. పార్టీలు ఇచ్చే పోస్ట్‌డేటెడ్ చెక్కులు, నోటీసులు, ఇన్సూరెన్సు కాగితాలు ఏవి ఎప్పుడు తీయాలో తెలియక 1 నుంచి 31 వరకు 31 ఫోల్డర్లు, నెలలకు 12 పెట్టాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు 15వ తేదీ ఫోల్డర్ చిట్టీలతో ఉబ్బిపోయింది, 22వ తేదీది ఎప్పుడూ ఖాళీ. మీరెలా నడుపుతున్నారు? చెక్కు ఒరిజినలే పెడుతున్నారా, చిట్టీయా? ఆదివారాల సంగతేంటి?

డల్లాస్_కుర్రాడు: ఫోన్‌లో క్యాలెండర్ ఉండగా అట్టల గొడవెందుకండీ? రెండు రిమైండర్లు పెట్టుకుంటే అయిపోతుంది.

హన్మకొండ_గృహిణి: ఫోన్ మోగుతుంది బాబూ, కాగితం ఎక్కడుందో చెప్పదు. మావారి ఫోన్ మోగిన ప్రతిసారీ ఇల్లంతా వెతికేది నేను. అయినా ఒక్క సందేహం. నెలకు 31 చొప్పున 12 నెలలంటే 372 ఫోల్డర్లు కదా? ఆయన 43 అంటున్నారేంటి?

గోదావరి_గుమస్తా: అమ్మా, 31 ఫోల్డర్లే తిరుగుతూ ఉంటాయి. ఇవాళ జూన్ 8 అనుకోండి. 8వ ఫోల్డర్ ఖాళీ చేసి జులై ఫోల్డర్ వెనక్కి పంపుతారు. అప్పటినుంచి అది జులై 8. జూన్ ఆఖర్లో జులై ఫోల్డర్ తెరిచి, లోపలున్నవి తేదీల్లోకి పంచి, ఖాళీ అయిన జులైని అన్నిటికంటే వెనక్కి, వచ్చే ఏడాది కోసం, పెడతారు. వకీలు ఆఫీసులో గుమస్తాగా నా జుట్టు నెరిసింది. వాయిదా తేదీల ప్రకారం కట్టలు పెట్టడం మాకు కొత్త కాదు, దాన్ని ఇప్పుడు పుస్తకాల్లో చదివి వచ్చి మాకే చెబుతున్నారు.

పోస్టల్_పెన్షనర్: నేను ఏటా నవంబర్లో జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నానన్న సర్టిఫికెట్, ఇవ్వాలి. నవంబర్ ఫోల్డర్లో ఆధార్, పీపీఓ జిరాక్సులు పెట్టాను. 80 దాటిన కేంద్ర పెన్షనర్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వవచ్చు. మా అన్నగారికి ఈ ఏడు 80 నిండుతాయి. ఆయన కాగితాలు అక్టోబర్లోకి మార్చాలా?

చీరాల_హోల్‌సేల్: మాస్టారూ, అది మార్చుకోండి. నా చెక్కు సంగతి ఎవరైనా చెప్పండి. పోయిన సీజన్లో ఒక పార్టీ చెక్కు బౌన్సయింది. మా పాత అకౌంటెంటు నోటీసు చిట్టీని సరిగ్గా ఆఖరి తేదీ ఫోల్డర్లో పెట్టాడు. ఆ రోజు ఆదివారం, కొట్టు మూత. సోమవారం ఫోల్డర్ తెరిచాం, కేసు పోయినట్టే.

గోదావరి_గుమస్తా: ఫోల్డర్ తప్పేమీ లేదు, తేదీ ఎన్నుకోవడంలో ఉంది తప్పు. ఆఖరి తేదీ చిట్టీ మీద రాసుకోవాలి, చిట్టీని మాత్రం పని మొదలెట్టాల్సిన రోజు ఫోల్డర్లో పెట్టాలి. మీ లాంటి కేసే తీసుకుందాం. చెక్కు మీద తేదీ మార్చి 10. చెల్లుబాటు మూడు నెలలే. 2012 ఏప్రిల్ ముందు ఆరు నెలలుండేది, కొందరు ఇంకా అదే లెక్కలో ఉన్నారు. మీరు జూన్ 5న బ్యాంకులో వేశారు, చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో జూన్ 8న చేతికొచ్చింది. నోటీసు 30 రోజుల్లో, అంటే జులై 8 లోపు పంపాలి. చిట్టీ జూన్ 15లో పెట్టండి. నోటీసు జూన్ 30న స్పీడ్ పోస్టులో పంపారు, అవతలివాడికి జులై 4న అందింది. అక్కడినుంచి వాడికి 15 రోజులు, జులై 19 వరకు. డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు.

ఇక్కడే చాలామంది జారిపోతారు. నోటీసు పంపిన రోజుకు అది ఎప్పుడు అందుతుందో తెలియదు కాబట్టి ఫిర్యాదు తేదీకి చిట్టీ రాయలేరు. అందుకని పంపిన రోజునే, అందిందో లేదో చూడటానికి వారం తర్వాతి ఫోల్డర్లో ఇంకో చిట్టీ వేయాలి. అందిన తేదీ తెలిశాక దాన్నే ఫిర్యాదు చిట్టీగా మార్చి ఆగస్టు మొదటి వారంలో పెట్టాలి. ఏ కాగితమైనా ఫోల్డర్లోంచి తీస్తే తర్వాతి తేదీ రాయకుండా టేబుల్ మీద పెట్టకూడదు.

జూనియర్_లా: అయ్యా, ఫిర్యాదుకు కూడా 30 రోజులే. 19తో గడువు అయిపోతే ఆగస్టు 19 లోపు వేయాలి.

గోదావరి_గుమస్తా: చట్టంలో ఉన్నది నెల, 30 రోజులు కాదు. ఫిర్యాదుకు కారణం పుట్టింది జులై 20న, ఆ రోజును వదిలేసి లెక్కపెడితే ఆగస్టు 20 వరకు ఉంది.

జూనియర్_లా: 19కి వేస్తే పోయేదేముంది? క్లయింటుకు ఆ ఒక్క రోజు ఆశ చూపించి టెన్షన్ పెట్టడం ఎందుకు?

గోదావరి_గుమస్తా: 20న వేయమని నేనెక్కడ చెప్పాను? లెక్క లెక్కగా చెప్పాను. మీ సీనియర్‌ను అడిగి రండి.

జూనియర్_లా: సీనియర్ దాకా ఎందుకు? ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపించి కోర్టును మాఫీ అడగవచ్చు. నోటీసుకు ఆ వెసులుబాటు లేదు. చీరాలవారికి ముందు చెప్పాల్సింది అది, మీరు చెప్పలేదు.

గోదావరి_గుమస్తా: అది ఒప్పుకుంటాను. మాట తీరు మాత్రం మార్చుకోండి.

హన్మకొండ_గృహిణి: మీ ఇద్దరూ కోర్టులో తేల్చుకోండి. చెక్కు ఒరిజినల్ ఫోల్డర్లో పెట్టాలా వద్దా అన్న ప్రశ్న అలాగే ఉంది. నేనైతే ఒరిజినలే పెడతాను. ఆ రోజు తీసి నేరుగా బ్యాంకుకు పోవడమే, చిట్టీ చూసి మళ్లీ లాకర్ తెరవడం రెండు పనులు.

విజయవాడ_ఫైనాన్స్: ఇంట్లో ఒకట్రెండు చెక్కులకు సరే. కొట్టులో వద్దే వద్దు. కౌంటర్ వెనక అట్టపెట్టెను ఎవరైనా తెరవగలరు. చెక్కులన్నీ లాకర్లో, ఒక్కో కవరు మీద వరుస నంబరు. ఫోల్డర్లో చిట్టీ మీద పార్టీ పేరు, మొత్తం, కవరు నంబరు. బౌన్సయితే ఆ చెక్కు, మెమో రెండూ కోర్టులో సాక్ష్యాలు, వాటి మీద టీ మరక పడినా ఏడవాల్సిందే.

హన్మకొండ_గృహిణి: చిట్టీ పోతే?

విజయవాడ_ఫైనాన్స్: రిజిస్టరులో ఉంటుంది. చిట్టీ పోయినా చెక్కు ఉంటుంది, చెక్కు పోతే మళ్లీ పార్టీ కాళ్లు పట్టుకోవాలి.

హన్మకొండ_గృహిణి: రిజిస్టరు, లాకరు, కవరు, చిట్టీ. ఇన్నయితే ఇక ఫోల్డర్లెందుకు?

చీరాల_హోల్‌సేల్: 15వ తేదీ ఉబ్బడానికి కారణం ఎవరూ చెప్పలేదు.

విజయవాడ_ఫైనాన్స్: తేదీ తెలియని ప్రతిదాన్నీ 15కి తోసేస్తున్నారు కదూ? మా దగ్గరా అంతే, అందరికీ మధ్యతేదీ ముద్దు. తేదీ లేనిది మామూలు ఫైల్లోకి పోవాలి. ఇంకో గుర్తు: ఒకే చిట్టీ మీద మూడు తేదీలు కొట్టేసి నాలుగోది రాసి ఉంటే అది చేయాల్సిన పని కాదు, చేయకూడదని మీరు నిర్ణయించుకోలేని పని. చించేయండి. ఆదివారానికి శనివారం సాయంత్రమే రెండు ఫోల్డర్లూ తెరవండి. పండగ సెలవులకు కూడా అదే.

డల్లాస్_కుర్రాడు: ఫోన్లో అయితే ఆదివారం కూడా మోగుతుంది...

గోదావరి_గుమస్తా: మోగితే ఆపేసి పడుకుంటారు.

పోస్టల్_పెన్షనర్: 2029లో మెచ్యూరయ్యే బాండు నెల ఫోల్డర్లో పెడితే ప్రతి ఏడూ బయటికి వస్తోంది. దానికి వేరే ఫోల్డరా?

విజయవాడ_ఫైనాన్స్: బాండు లాకర్లో పెట్టి, సంవత్సరం పెద్దగా రాసిన చిట్టీ ఒకటి ఆ నెల ఫోల్డర్లో వేయండి మాస్టారూ. ఏటా కనబడితే చూసి మళ్లీ లోపల పెట్టేయడమే. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో కూడా అప్పుడు చూసుకోవచ్చు.

పోస్టల్_పెన్షనర్: బాగుంది. మరి మా అన్నగారి సంగతి? అక్టోబర్లోకి మార్చనా?

జూనియర్_లా: చీరాలవారూ, ఆ పాత కేసులో చెక్కు, మెమో మీ దగ్గరే ఉన్నాయా? బాకీకి సివిల్ దావా దారి వేరే ఉంది, దాని గడువు వేరు. కాగితాలు పారేయకండి.

చీరాల_హోల్‌సేల్: ఉన్నాయి. 15వ ఫోల్డర్లోనే.