టీఎస్‌హెచ్ తక్కువగా ఉందని థైరాయిడ్ మాత్ర తగ్గించారు, ఫ్రీ టీ4 పడిపోయింది

మా అమ్మకి 54 ఏళ్లు, 62 కిలోలు, ఊరు అమలాపురం దగ్గర. పిట్యూటరీ గడ్డ ఆపరేషన్ అయ్యాక పొద్దున 10, మధ్యాహ్నం 5 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్, థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు రాశారు. అప్పుడు ఫ్రీ టీ4 1.2 ఉండేది (ల్యాబ్ పరిధి 0.8–1.8).

ఇక్కడి క్లినిక్‌లో టీఎస్‌హెచ్ 0.06 చూసి, డోసు ఎక్కువైందని 50కి తగ్గించారు. మామూలు థైరాయిడ్ జబ్బులో అది సరైన లెక్కే. కానీ అమ్మకి టీఎస్‌హెచ్ తయారుచేసే గ్రంథే దెబ్బతింది. ఆ అంకె తక్కువున్నా, నార్మల్‌లో ఉన్నా డోసు గురించి ఏమీ చెప్పదు. రెండు నెలలకి ఫ్రీ టీ4 0.7కి దిగింది. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బుతున్నాయి, గొంతు బొంగురుపోయింది, మలబద్ధకం, ఎండలోనూ చలి.

మాత్ర పరగడుపున వేస్తున్నాం, కాల్షియానికి నాలుగు గంటల ఎడం ఇస్తున్నాం. రక్తం మాత్ర వేయకముందే ఇచ్చాం. బయోటిన్ వాడట్లేదు. హైడ్రోకార్టిసోన్ ఒక్కపూటా మానలేదు. అది చాలకుండా థైరాక్సిన్ పెంచితే ప్రమాదమని తెలుసు. ఆపరేషన్ కాగితాలు చూపించినా క్లినిక్‌లో ఒప్పుకోలేదు. కాకినాడలో ఎండోక్రైనాలజిస్టు అపాయింట్‌మెంట్ వచ్చే వారం. డోసు ఆయన చెప్పాకే మారుస్తాం.

పిట్యూటరీ వల్ల థైరాయిడ్ తగ్గినవాళ్లకి ఇలా డోసు పడిపోతే, మీ డాక్టరు నేరుగా పాత డోసుకి తెచ్చారా, 12.5 చొప్పున పెంచుతూ మళ్లీ ఫ్రీ టీ4 చూశారా?