యాడ్స్‌లో ఒక్క కస్టమర్‌కి ఎంత పడుతోంది? తక్కువ మార్జిన్ సరుకుకి గిట్టుబాటవుతుందా?

నీలిగోరింట
స్టీల్ వాటర్ బాటిళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. అమ్మకం ధర 100 అనుకుంటే సరుకు నాకు 62కి పడుతుంది. పోయిన నెల సోషల్ మీడియా యాడ్స్‌కి 6000 పెట్టాను. `Ads Manager`లో 300 `Purchases` చూపించింది. అంటే ఒక ఆర్డర్‌కి 20, యాడ్ ఖర్చుకి అమ్మకం ఎన్ని రెట్లో చెప్పే `ROAS` 5. నా లెక్కలో ఆర్డర్‌కి 38 మార్జిన్, అందులో 20 యాడ్‌కి పోతే 18 మిగలాలి. కానీ నెలాఖరుకి బ్యాంకులో డబ్బు తగ్గింది. ఎక్కడ పోతోందో తెలియక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి సరుకుకి యాడ్స్ అసలు గిట్టుబాటవుతాయా? వీడియో యాడ్ మంచిదా, ఫొటో యాడ్ మంచిదా అన్నది కూడా చెప్పండి.

తూర్పుగాలి
`ROAS` 3 దాటితే ఏ వ్యాపారమైనా సేఫ్. మీకు 5 ఉంది. యాడ్స్‌ని అనుమానించకండి, డబ్బు ఇంకెక్కడో లీక్ అవుతోంది. స్టాక్ ఎక్కువ కొన్నారేమో చూసుకోండి.

లెక్కలపుస్తకం
తూర్పుగాలి గారూ, 3 అన్న అంకె అందరికీ ఎలా సరిపోతుందండీ? ఆర్డర్ మీద 50 మిగిలేవాళ్లకి 2 వచ్చినా చాలు. 20 మిగిలేవాళ్లకి 5 వచ్చినా సున్నాయే.

నీలిగోరింట గారూ, 38 మీ మార్జిన్ కాదు, అది సరుకు ఖర్చు తీస్తే మిగిలేది మాత్రమే. ప్యాకింగ్, కొరియర్, పేమెంట్ గేట్‌వే, రిటర్న్‌లు ఎంతెంతో చెప్పండి. వెనక్కి వచ్చిన వాటిలో మళ్లీ అమ్మగలిగేవి ఎన్నో కూడా చెప్పాలి.

నీలిగోరింట
ప్యాకింగ్ 4, కొరియర్ 9, గేట్‌వే 2. వంద ఆర్డర్లలో 8 వెనక్కి వస్తాయి. వాటిలో 5 మళ్లీ అమ్ముతాను, 3 సొట్టపడి వస్తాయి. రిటర్న్ కొరియర్ కూడా నాదే. రీఫండ్ ఇచ్చినా గేట్‌వే ఫీజు వెనక్కి ఇవ్వరు.

చేనుగట్టు
కొరియర్ 9 అంటే మీరు అదృష్టవంతులు. నాకు బరువు కొలిచే చోటే దెబ్బ పడింది. డబ్బా సైజు రెండు వేళ్లు పెరిగిందని పై స్లాబ్‌లో వేశారు. మూడు నెలల తర్వాత బిల్లులు వరసగా పెట్టి చూస్తే గానీ నాకు తెలియలేదు. డబ్బా ఒకసారి కొలిచి చూసుకోండి.

లెక్కలపుస్తకం
ఒక్క ఆర్డర్ మీద కాకుండా వంద ఆర్డర్ల మీద లెక్క వేద్దాం, రిటర్న్‌లు అప్పుడే సరిగ్గా కనిపిస్తాయి. వంద ఆర్డర్లకి వచ్చేది 10000, రీఫండ్ 800 పోతే 9200. సరుకు 6200, మళ్లీ అమ్మే 5 బాటిళ్ల ఖరీదు 310 తీసేస్తే 5890. ప్యాకింగ్ 400, కొరియర్ 900, రిటర్న్ కొరియర్ 72, గేట్‌వే 200. మొత్తం ఖర్చు 7462. మిగిలేది 1738, అంటే ఆర్డర్‌కి 17 చిల్లర.

యాడ్ ఖర్చు 20. కాబట్టి `Ads Manager` చెప్పింది అక్షరాలా నిజమనుకున్నా ప్రతి ఆర్డర్ మీద రెండున్నర పైనే పోగొట్టుకుంటున్నారు. మీకు బ్రేక్ ఈవెన్ `ROAS` 5 కాదు, 5.75 దగ్గర. ఇక ఆ 20 అన్న అంకె కూడా నిజం కాదని నా అనుమానం.

రాత్రిబండి
పదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఎన్నో అకౌంట్లు నడిపాను. ఇక్కడ సమస్య క్రియేటివ్‌ది, అంటే యాడ్‌లో చూపించే వీడియోది. మొదటి మూడు సెకన్లలో బాటిల్ చేతిలో కనిపించాలి. ఒక యాడ్ సెట్‌కి వారానికి సుమారు 50 కొనుగోళ్లు వస్తే గానీ యాడ్ ఎవరికి చూపించాలో సిస్టమ్ నేర్చుకునే లెర్నింగ్ పూర్తి కాదు. బడ్జెట్ పెంచండి, ఖర్చు అదే దిగుతుంది.

లెక్కలపుస్తకం
ఆర్డర్‌కి రెండున్నర పోతున్నప్పుడు బడ్జెట్ పెంచితే నష్టం కూడా పెరుగుతుంది కదండీ. నీలిగోరింట గారూ, `Ads Manager`లో ఏ అమ్మకం యాడ్ ఖాతాలో పడాలో చెప్పే అట్రిబ్యూషన్ `7-day click, 1-day view` అని ఉంటే ఆ 300లో క్లిక్ వల్ల ఎన్ని, కేవలం చూడటం వల్ల ఎన్ని అన్నది విడదీసి చూడండి. కాలమ్స్ దగ్గర `Compare attribution settings` ఉంటుంది.

నీలిగోరింట
చూశాను. క్లిక్ 220, వ్యూ 80. అంటే 80 మంది యాడ్ నొక్కనే లేదా?

తూర్పుగాలి
ఆ 80 తీసిపారేయండి. నొక్కనివాళ్లు యాడ్ వల్ల కొన్నట్టు ఎలా అవుతుంది? ఫోన్‌లో అలా వేలితో తోసుకుంటూ పోతుంటే ఒక్క క్షణం కనబడిందంతే.

రాత్రిబండి
అది పూర్తిగా తప్పు. నేను యాడ్ చూసి, తర్వాత పేరు గుర్తుపెట్టుకుని వెతికి కొన్నవి బోలెడు. వ్యూ తీసేస్తే మంచి యాడ్‌నే ఆపేసుకుంటారు. నా క్లయింట్ ఒకాయన అలాగే ఆపేశాడు, రెండు వారాల్లో అమ్మకాలు పడిపోయాయి.

తూర్పుగాలి
మీ క్లయింట్లు డబ్బిచ్చేది యాడ్స్ నడపడానికి. వ్యూ లెక్కలు మీరు వదులుకుంటారా?

రాత్రిబండి
మాట జాగ్రత్త. నా రిపోర్టుల్లో రెండూ వేరువేరుగానే చూపిస్తాను. ఎదుటివాడి నిజాయితీ మీద పడే ముందు ఒక్క అకౌంటైనా నడిపి చూడండి.

మబ్బుచాటు
ఇద్దరూ శాంతించండి. ఆ 80లో కొందరు యాడ్ వల్ల వచ్చి ఉంటారు, కొందరు ఎలాగూ వచ్చేవాళ్లే. క్లిక్ చేసిన 220లో కూడా అలాంటివాళ్లు ఉంటారు. కార్ట్‌లో బాటిల్ పెట్టుకుని జీతం కోసం ఆగినావిడకి మళ్లీ మన యాడే కనిపిస్తుంది, దాన్నే నొక్కి కొంటుంది. కాబట్టి క్లిక్, వ్యూ అని కొట్టుకున్నా సమాధానం దొరకదు. నేనైతే కొన్ని ప్రాంతాల్లో మూడు వారాలు యాడ్స్ పూర్తిగా ఆపి, నడిచే ప్రాంతాలతో పోల్చుకున్నాను. ప్యానెల్ నా యాడ్స్‌కి కట్టబెట్టిన అమ్మకాల్లో మూడో వంతు యాడ్స్ లేకుండానే వచ్చాయి.

ఇంకొకటి. నాకు ఒకే ఆర్డర్ రెండుసార్లు లెక్కలో పడేది. కొన్నారన్న కబురు బ్రౌజర్ నుంచి ఒకటి, సర్వర్ నుంచి ఒకటి వెళ్లేవి, రెండూ ఒకటేనని గుర్తుపట్టే `event_id` వేరుగా ఉండేది. ప్యానెల్‌లో కొనుగోళ్లు మీ షాపు మొత్తం ఆర్డర్లని మించితే వెంటనే అక్కడ చూడండి.

నీలిగోరింట
షాపులో మొత్తం ఆర్డర్లు 380, కాబట్టి డబుల్ అయినట్టు లేదు. కానీ ఫోన్ నంబర్లు సరిచూస్తే ఆ నెలలో మొదటిసారి కొన్నవాళ్లు 240 మందే. మిగతావాళ్లు పాతవాళ్లు. యాడ్స్ మొదలుపెట్టక ముందు నెలకి 40 మంది కొత్తవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చేవాళ్లు.

లెక్కలపుస్తకం
మీరు వెతుకుతున్నది అక్కడే ఉంది. 6000ని 240తో భాగిస్తే 25. ఎలాగూ వచ్చే 40 మందిని తీసేస్తే యాడ్స్ తెచ్చింది 200 మందిని. అప్పుడు ఒక కొత్త కస్టమర్ ఖరీదు 30. మీరు 20 అనుకున్నారు. మొదటి ఆర్డర్ మీద మిగిలేది 17 చిల్లర. ఒక్కొక్కరి మీద పన్నెండున్నర పెట్టుబడి అలాగే నిలబడిపోతోంది.

గవ్వలమూట
నేను ట్యూషన్ క్లాసులకి యాడ్స్ వేస్తాను. నాకు ఒక విద్యార్థికి ఫీజులో నాలుగో వంతు పడుతుంది, అయినా హాయిగా ఉంది. ఆన్‌లైన్ క్లాసులో సరుకు, కొరియర్ గోల ఉండదు. మీరూ డిజిటల్ వస్తువు అమ్మితే బాగుంటుందేమో.

తూర్పుగాలి
ఆవిడ బాటిళ్లు అమ్ముతానంటుంటే మీరు ట్యూషన్ చెప్పమంటున్నారు. నీలిగోరింట గారూ, మొదటి ఆర్డర్‌కి 10 శాతం డిస్కౌంట్ ఇవ్వండి. ఎక్కువమంది కొంటారు, కస్టమర్ ఖర్చు తగ్గుతుంది. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొంటారు, అక్కడ లాభం తీసుకోవచ్చు.

లెక్కలపుస్తకం
పైన వేసిన లెక్కలోనే ధర 90 పెట్టి చూడండి. వచ్చేది 8280, ఖర్చు 7442, మిగిలేది 838. ధరలో పదో వంతు వదిలితే మిగులులో సగం పైగా పోయింది. ఆ నష్టం పూడాలంటే కస్టమర్ ఖర్చు 30 నుంచి 21కి దిగాలి. 10 శాతం డిస్కౌంట్‌కి అంత దిగడం నేను చూడలేదు.

రెండో కొనుగోలు మాట మాత్రం సరైనదే, దాన్ని కొలిచి చూడాలి. పన్నెండున్నర పూడాలంటే కొత్తగా వచ్చిన ప్రతి వందమందీ కలిపి ఇంకో 72 ఆర్డర్లు పెట్టాలి, అవి కూడా యాడ్ ఖర్చు లేకుండా రావాలి. నీలిగోరింట గారూ, ఆరు నెలల క్రితం కొత్తగా వచ్చినవాళ్ల జాబితా తీసి, వాళ్లు మళ్లీ ఎన్ని ఆర్డర్లు పెట్టారో లెక్కపెట్టండి.

నీలిగోరింట
ఒక నెలలో వచ్చిన 200 మందిని ఫోన్ నంబర్ల వారీగా కూర్చుని చూశాను. ఆరు నెలల్లో రెండోసారి వచ్చిన ఆర్డర్లు 36. అంటే వందకి 18. స్టీల్ బాటిల్ ఒకటి కొంటే ఏళ్లు వస్తుంది, మళ్లీ ఎందుకు కొంటారు! ఇది ముందే తట్టాల్సింది.

మబ్బుచాటు
అయితే రెండోది తర్వాత అమ్ముదామని ఆగకండి, మొదటి ఆర్డర్‌లోనే అమ్మండి. నా మొక్కల కుండీలు గట్టెక్కింది అలాగే. ఒక్క కుండీ అమ్మే యాడ్ ఆపేసి జత మాత్రమే పెట్టాను. కొనేవాళ్లు తగ్గారు, కస్టమర్ ఖర్చు పెరిగింది, అయినా నిలబడ్డాను. ఎందుకంటే ప్యాకింగ్, కొరియర్ రెట్టింపు కావు.

నీలిగోరింట
రెండు బాటిళ్లు కలిపితే ప్యాకింగ్ 5, కొరియర్ 11 అవుతుంది. లెక్కలపుస్తకం గారు వేసినట్టే వేశాను, రిటర్న్‌లు అంతే ఉంటాయనుకుని. వంద ఆర్డర్లకి వచ్చేది 18400, ఖర్చు 13868. ఆర్డర్‌కి 45 మిగులుతోంది! సరిగ్గానే వేశానా?

లెక్కలపుస్తకం
సరిగ్గానే వేశారు. కస్టమర్ ఖర్చు 45 దాటనంత వరకు మొదటి ఆర్డర్‌లోనే బయటపడతారు. నేనైతే 38 దగ్గరే గీత గీసుకుంటాను. జత కొన్నప్పుడు ఒకటి నచ్చకపోయినా రెండూ వెనక్కి రావచ్చు, దానికి కొంత జాగా ఉంచుకోవాలి.

రాత్రిబండి
జత యాడ్‌కి కొత్త వీడియో తీయండి, పాతదానికే ధర మార్చి వదలకండి. రెండు బాటిళ్లూ ఇద్దరి చేతుల్లో కనబడాలి. ఒక్క బాటిల్ చూపించి పేజీలో జత ధర పెడితే క్లిక్‌లు వస్తాయి, కొనుగోళ్లు రావు.

చేనుగట్టు
జత డబ్బా కూడా కొలవండి. నేను చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు.

నీలిగోరింట
నెల తర్వాత వస్తున్నాను. చేనుగట్టు గారూ, డబ్బా కొలిచాను, పాత స్లాబ్ దాటుతోందని బాటిళ్లని తలకిందులుగా ఒకదాని పక్కన ఒకటి పెట్టించాను. కొరియర్ 11లోనే ఉంది. రాత్రిబండి గారు చెప్పినట్టు కొత్త వీడియో తీశాను. జత యాడ్ ఒక్కటే నడిపాను, ఖర్చు 3000. కొత్తవాళ్లు 125, వాళ్లలో 40 తీసేస్తే 85. ఒక్కొక్కరికి 35 చిల్లర పడింది. రిటర్న్‌లు ఇంకా వస్తున్నాయి, ఇప్పటిదాకా 7 వచ్చాయి.

తూర్పుగాలి
ఆ 40 ఇంకా ఎందుకు తీస్తున్నారు? ఇన్ని నెలల యాడ్స్ వల్ల పేరు తెలిసి ఇప్పుడు ఊరికే వచ్చేవాళ్లు 40 కంటే ఎక్కువే ఉంటారు. అవి కూడా యాడ్స్ ఖాతాలోవే.

మబ్బుచాటు
ఊరికే వచ్చేవాళ్లు పెరిగితే 40 కంటే ఎక్కువే తీయాలి, అప్పుడు 35 ఇంకా పెరుగుతుంది. పాత యాడ్స్ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, ఈ 3000 తెచ్చింది ఎంతమందిని అన్నదే ప్రశ్న. యాడ్స్ ఆపి చూడకుండా ఇక్కడ కూర్చుని తేల్చలేం.

నీలిగోరింట
వచ్చే నెల సగం ప్రాంతాల్లో మూడు వారాలు ఆపుతున్నాను. రిటర్న్‌ల లెక్కతో కలిపి ఇక్కడే పెడతాను.