డ్రిప్ మోటర్ ఆపే రిలే: ఐఎస్ఆర్‌లో పెట్టాలా, లూప్‌లో పెట్టాలా?

బత్తాయి తోట (హాలియా):
మా తోటలో డ్రిప్ లైన్‌కు వైఎఫ్-ఎస్201 ఫ్లో సెన్సర్, ఆర్డుయినో ఊనో పెట్టాను. 9600 బాడ్. 100 లీటర్లు, అంటే 45,000 పల్స్‌లు రాగానే లూప్‌లో రిలే ఆఫ్ కావాలి. ఇంట్లో నల్లాకు పెట్టి బకెట్‌తో చూస్తే నిమిషానికి 8 లీటర్ల దగ్గర లెక్క సరిగ్గా వచ్చింది. తోటలో 20 లీటర్ల దాకా పోతుంది, అక్కడ డిస్‌ప్లే ఆగిపోతుంది, రిలే ఆగదు. సీరియల్ మానిటర్‌లో కౌంట్ మాత్రం ఉరుకుతూనే ఉంటుంది. వాల్వ్ కట్టేస్తే అన్నీ మళ్లీ లేస్తాయి! రిలే ఆఫ్ చేసే లైన్‌ను ఐఎస్ఆర్‌లోనే, అంటే పల్స్ వచ్చిన ప్రతిసారీ నడిచే ఈ కింది ఫంక్షన్‌లోనే, పెట్టమని మా దోస్తు అంటున్నాడు. నిజమేనా?

```
void pulse() {
  count++;
  Serial.print("cnt=");
  Serial.println(count);
}
```

పాలమూరు వైండింగ్:
మీ దోస్తు చెప్పింది కరెక్టే. మోటర్ ఆపడం లాంటి పని లూప్ మీద వదలొద్దు. నా దగ్గర ఎస్టీఎం 32 బోర్డులో ఓవర్‌లోడ్ ట్రిప్ మొత్తం హ్యాండ్లర్‌లోనే ఉంది, మూడేళ్లయింది, ఒక్క కంప్లెయింట్ లేదు. ఐఎస్ఆర్ చిన్నగా ఉండాలనేది కాలేజీలో చెప్పే మాట. రిజిస్టర్లన్నీ స్టాక్‌లో దాచి, మళ్లీ తియ్యడానికి టైమ్ పడుతుంది కాబట్టి అట్లా అంటారు. ఇప్పటి చిప్‌లకు అదొక లెక్క కాదు.

కరెంటు కోతలు:
మాకూ ఇట్లనే ఇంటరప్షన్ ఎక్కువ తమ్మీ. రాత్రి సప్లై పోయి వచ్చినప్పుడల్లా టైమర్ మొదటికి వస్తది. స్టెబిలైజర్ పెట్టి చూడు.

నకిరేకల్ రిజిస్టర్:
కోతలన్నా, ఇది ఆ ఇంటరప్షన్ కాదు. చిప్ చేసే పనిని మధ్యలో ఆపి వేరే పనికి పిలవడం.

వైండింగ్ అన్నా, దాచిపెట్టే ఖర్చు గురించి మీరన్నది సగమే నిజం. ఊనోలో ఇంటరప్ట్ వస్తే హార్డ్‌వేర్ తిరిగి రావలసిన అడ్రస్ ఒక్కటే స్టాక్‌లో పెట్టి, మిగతా ఇంటరప్ట్‌లను మూసేస్తుంది. రిజిస్టర్లు, ఫ్లాగులు దాచే కోడ్ కంపైలర్ రాస్తుంది. `attachInterrupt` వాడితే మన ఫంక్షన్ ఏయే రిజిస్టర్లు పాడుచేస్తుందో దానికి తెలియదు, అందుకే 15 బైట్లు దాచి పెడుతుంది. పోను రాను కలిపి దాదాపు 5 మైక్రోసెకన్లు. ఇక్కడ ఇబ్బంది అది కాదు, లోపలికి పోయాక ఎంతసేపు కూర్చున్నాడన్నదే.

`cnt=` నాలుగు అక్షరాలు, కౌంట్ నాలుగు అంకెలు, లైన్ చివర రెండు. మొత్తం 10. 9600 బాడ్‌లో ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే ఒక లైన్ బయటికి పోవడానికి 10.4 మిల్లీసెకన్లు. మొదట్లో 64 బైట్ల బఫర్ ఉంటుంది కాబట్టి తెలియదు. అది నిండాక మాత్రం `Serial.print` ఐఎస్ఆర్ లోపలే నిలబడి ఒక్కో అక్షరం పోయేదాకా చూస్తుంది.

ఈ సెన్సర్ నిమిషానికి లీటరుకు 7.5 హెర్ట్జ్ ఇస్తుంది. 8 లీటర్ల దగ్గర సెకనుకు 60 పల్స్‌లు, పల్స్‌కూ పల్స్‌కూ నడుమ 16.7 మిల్లీసెకన్లు. ప్రింట్‌కు టైమ్ సరిపోయింది. 20 లీటర్ల దగ్గర 150 పల్స్‌లు, నడుమ 6.7 మాత్రమే. ఐఎస్ఆర్ పూర్తయ్యేసరికి ఇంకొకటి వాకిట్లో నిలబడి ఉంటుంది. ఆ ఇంటరప్ట్‌కు గుర్తు ఒక్క బిట్టే. లోపల ఉండగా రెండు పల్స్‌లు వచ్చినా ఒక్కటిగానే లెక్క. బయటికి రాగానే ఊనో మెయిన్ ప్రోగ్రామ్‌లో ఒక్కటంటే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నడిపి మళ్లీ లోపలికి పోతుంది. సెకనుకు కోటీ అరవై లక్షల క్లాకుల చిప్ మీ లూప్‌కు వంద ఇన్‌స్ట్రక్షన్లు కూడా ఇవ్వడం లేదు! `millis` నడిపే టైమర్ ఇంటరప్ట్ వరుసలో దీని వెనక ఉంది, అదీ ఆగిపోతుంది. వాల్వ్ కట్టేస్తే పల్స్‌లు ఆగి లూప్ లేస్తుంది.

ఒకటి చేసి చూడండి. వాల్వ్‌ను 12 లీటర్ల దగ్గర, అంటే సెకనుకు 90 పల్స్‌ల దగ్గర పెట్టండి. కౌంట్ 9,999 దాకా బాగానే ఉంటుంది. 10,000 దాటితే అంకె ఒకటి పెరిగి లైన్ 11.5 మిల్లీసెకన్లు అవుతుంది, సెకనుకు 87 కంటే ఎక్కువ పోవు. అక్కడ బిగుసుకోవాలి.

బత్తాయి తోట:
అన్నా, సాయంత్రం చూశాను. 10,000 దాటిన కాసేపటికి డిస్‌ప్లే ఆగింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జడ్చర్ల సీరియల్:
ఇంత కథ ఎందుకు, బాడ్ 115200 పెట్టండి. లైన్ ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. 150 పల్స్‌లకు ఏం ఢోకా లేదు.

నకిరేకల్ రిజిస్టర్:
పనిచేస్తుంది, కాదనను. కానీ బోరు స్టార్టర్ పక్కనే ఉంటే కాంటాక్టర్ పడ్డప్పుడు సెన్సర్ వైరు మీద పల్స్‌ల మూక వస్తుంది.

స్టార్టర్ డబ్బా (దేవరకొండ):
అది నాకైంది. నీళ్లు లేకున్నా కౌంట్ పెరిగేది. ఐఎస్ఆర్‌లో `count++` ఒక్కటే ఉంది, అయినా లెక్క తప్పే. షీల్డ్ వైరు వేసి, పిన్ దగ్గర ఫిల్టర్ పెట్టాకే నిలిచింది. కోడ్ చిన్నగా రాస్తే దొంగ పల్స్ నిజం పల్స్ అయిపోదు.

పాలమూరు వైండింగ్:
సరే, ప్రింట్ తీసేయమనండి. రిలే లైన్ మాత్రం ఐఎస్ఆర్‌లోనే ఉండాలి. అది కొన్ని మైక్రోసెకన్ల పని. ఎప్పుడైనా లూప్ చిక్కుకుంటే తోట మునిగిపోవాలా?

నకిరేకల్ రిజిస్టర్:
పెట్టొచ్చు. కానీ సెన్సర్ వైరు ఎలుక కొరికితే పల్స్ రాదు, ఐఎస్ఆర్ రాదు, మీ రిలే లైన్ కూడా రాదు. "మోటర్ నడుస్తోంది, 10 సెకన్లయినా పల్స్ లేదు" అని చూసేది లూపే. లూప్ చిక్కుకుంటే బోర్డును రీసెట్ చేయడానికి వాచ్‌డాగ్ పెట్టాలి, దాన్ని లూప్‌లోనే తట్టాలి. ఐఎస్ఆర్‌లో తడితే లూప్ చచ్చినా కుక్క నిద్రపోతూనే ఉంటుంది.

ఇంకొకటి, లూప్‌లో కౌంట్ చదివేటప్పుడు ఇట్లా చదవండి. అది రెండు బైట్లు, చిప్ ఒకసారికి ఒక్క బైటే తెస్తుంది. మొదటి బైటుకూ రెండోదానికీ నడుమ పల్స్ వస్తే 255 నుంచి 256కు మారే చోట 511 కనిపించవచ్చు. `volatile` దాన్ని ఆపదు.

```
noInterrupts();
unsigned int c = count;
interrupts();
```

బత్తాయి తోట:
ప్రింట్ లూప్‌లోకి మార్చి, `attachInterrupt` తీసేసి నేరుగా `ISR(INT0_vec)` అని రాశాను. ఇప్పుడు మొదటి పల్స్‌కే బోర్డు మొదటికి వస్తోంది!

నకిరేకల్ రిజిస్టర్:
చివర `t` మర్చిపోయారు. `INT0_vect` అని ఉండాలి. ఫ్లాష్ మొదట్లో వెక్టర్ పట్టిక ఉంటుంది, ఒక్కో ఇంటరప్ట్‌కు ఒక్కో గడి. మీ పేరు కలవలేదు కాబట్టి ఆ గడిలో డీఫాల్ట్ గమ్యమే ఉండిపోయింది, అది ప్రోగ్రామ్ మొదటికి దూకుతుంది. కంపైలర్ వార్నింగ్ ఇచ్చే ఉంటుంది, ఐడీఈలో వార్నింగులు మూసి ఉంటే కనిపించదు.

బత్తాయి తోట:
అదే! `t` పెట్టాక 20 లీటర్ల దగ్గర కూడా డిస్‌ప్లే ఆగలేదు. రిలే ప్రస్తుతానికి లూప్‌లోనే ఉంచాను, వాచ్‌డాగ్ రేపు పెడతాను.

పాలమూరు వైండింగ్:
నేనైతే రెండు చోట్లా పెడతా. రేపు వైరు సంగతి కూడా చూసుకోండి, మా దిక్కు ఎలుకలు ఎక్కువే.